పక్క ఊరి ఖర్చుతో మన ఊరి నీటి ధర: ఒడిశా సరిహద్దు పట్టణంలో కొలబద్ద పోటీ

ఈ కేసులోని పట్టణం ఒడిశా దక్షిణపు అంచున, శ్రీకాకుళం వైపు సరిహద్దుకు దగ్గరలో ఉంది. ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఒడియా మాట్లాడుకునే జనం అక్కడ ఎక్కువ. పట్టణానికి నీళ్లిచ్చే పనిని స్థానిక ఎన్‌ఏసీ, అంటే చిన్న పట్టణాన్ని పాలించే నోటిఫైడ్ ఏరియా కౌన్సిల్, ఒక ప్రైవేటు ఆపరేటర్‌కు కొన్నేళ్ల కాంట్రాక్టుపై అప్పగించింది. ఆ ఆపరేటర్ అడుగుతున్న మొత్తం న్యాయమైనదో కాదో తేల్చడానికి నన్ను ఖర్చుల పరిశీలకుడిగా పెట్టుకున్నారు. పట్టణాల పేర్లు, ఆపరేటర్ల పేర్లు ఇక్కడ రాయడం లేదు. లెక్క వరుస తేలిగ్గా అందేందుకు అంకెలను గుండ్రం చేశాను.

కాంట్రాక్టు పద్ధతి ఇది. విద్యుత్తు బిల్లును ఎన్‌ఏసీ ఉన్నదున్నట్టుగా ఆపరేటర్‌కు తిరిగి చెల్లిస్తుంది. సిబ్బంది, మరమ్మతులు, రసాయనాల మీద ఆపరేటర్ చూపిన ఖర్చుకు పది శాతం సేవా రుసుము కలిపి ఇస్తుంది. ఈ ఏర్పాటులో బిల్లు తగ్గిస్తే ఆపరేటర్‌కు వచ్చేదేమీ లేదు, మరమ్మతు ఖర్చు తగ్గిస్తే రుసుము కూడా తగ్గుతుంది. ఊళ్లో రెండో పైపులైను వేసి పోటీకి దిగేవారు ఎవరూ ఉండరు. ఈ నీటికి నిజంగా ఎంత ఖర్చవ్వాలో ఆపరేటర్‌కు తెలిసినంతగా ఎన్‌ఏసీకి తెలియదు. ఆడిట్‌తో ఖర్చయిన డబ్బు నిజంగా ఖర్చయిందని రుజువవుతుందే తప్ప, అంత ఖర్చు కావాల్సిందేనా అన్నది తేలదు.

1985లో ఆర్థికవేత్త ఆండ్రీ ష్లైఫర్ ఈ చిక్కుకే ఒక పరిష్కారం సూచించాడు. ఒక సంస్థకు ఇచ్చే ధరను దాని సొంత ఖర్చు నుంచి పూర్తిగా విడదీసి, అదే పని చేస్తున్న ఇతర సంస్థల సగటు ఖర్చుకు ముడిపెట్టాలన్నది ఆ సూచన. అప్పుడు తన ఖర్చు తగ్గించుకున్న సంస్థకు మిగులు పూర్తిగా దక్కుతుంది, తగ్గించుకోలేని సంస్థ తేడాను తానే భరిస్తుంది. ఎదురెదురుగా పోటీ పడే అవకాశం లేని సంస్థల మధ్య లెక్కల పుస్తకాల ద్వారా పోటీ ఏర్పడుతుంది, దీన్నే కొలబద్ద పోటీ అంటారు. సగటులోంచి ఆ సంస్థ సొంత అంకెను తీసేయడం ఇక్కడ ముఖ్యం. ఐదు పట్టణాల సగటులో మన పట్టణాన్ని కూడా కలిపితే, ఆపరేటర్ రూపాయి ఖర్చు తగ్గించినప్పుడల్లా అతనికి వచ్చే ధర ఇరవై పైసలు పడిపోతుంది. మిగతా నలుగురి సగటే తీసుకుంటే ఆ రూపాయి మొత్తం అతనిదే.

పోల్చదగిన పట్టణాలు

పోలిక కోసం నాలుగు పట్టణాలు ఎంచుకున్నాం. రెండు ఒడిశా వైపువి: ఒకటి నది ఒడ్డున, ఇంకొకటి కొండల మీద. మిగతా రెండు ఆంధ్ర వైపువి: ఒకటి రైల్వే జంక్షన్ ఉన్న ఊరు, మరొకటి మైదాన ప్రాంతపు ఊరు. నాలుగింటికీ ఆపరేటర్లు వేరువేరు. లెక్కలు ఒకచోట ఒడియాలో, ఒకచోట తెలుగులో ఉన్నాయి. వాటిని చదవడం మాకు కష్టం కాలేదు. ఒకే పేరున్న పద్దు కింద రెండు వైపులా వేరువేరు ఖర్చులు ఉండటమే అసలు కష్టం. ఆంధ్ర వైపు ఒక పట్టణంలో పంపుల విద్యుత్తు బిల్లును మున్సిపాలిటీ నేరుగా కట్టేస్తుంది కాబట్టి ఆపరేటర్ ఖర్చులో అది కనిపించనే కనిపించదు. ఆ సంగతి చూసుకోకుండా పోల్చి ఉంటే ఆ పట్టణం అద్భుతంగా పనిచేస్తున్నట్టు కనిపించేది.

రెండు రాష్ట్రాల్లో విద్యుత్తు ధర ఒకటి కాదు, కనీస వేతనాలను ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే ప్రకటిస్తుంది. అందుకని విద్యుత్తును రూపాయల్లో కాక యూనిట్లలో సేకరించి, అన్ని పట్టణాలకూ యూనిట్‌కు 6.50 రూపాయల చొప్పున లెక్కగట్టాం. సిబ్బందిని సంఖ్యలో సేకరించి ఒడిశా వేతనాలకు మార్చాం. ఆపరేటర్ చేతిలో లేని తేడాను పోలిక నుంచి ముందే తీసేయాలి, లేకపోతే మొదటి సమావేశంలోనే అతను దాన్ని పట్టుకుని మొత్తం పోలికనే తోసిపుచ్చుతాడు, అది న్యాయం కూడా.

| పట్టణం | మొత్తం ఖర్చు (₹/కిలోలీటరు) | నీరు ఎక్కాల్సిన ఎత్తు (మీటర్లు) | విద్యుత్తు (యూనిట్లు/కిలోలీటరు) | రోజువారీ కిలోలీటరుకు పైపు (మీటర్లు) |
|---|---|---|---|---|
| మన పట్టణం | 11.80 | 70 | 0.60 | 14 |
| నది ఒడ్డు | 7.20 | 40 | 0.22 | 12 |
| కొండ | 12.40 | 120 | 0.66 | 18 |
| జంక్షన్ | 8.60 | 50 | 0.30 | 14 |
| మైదానం | 8.00 | 45 | 0.25 | 13 |

మిగతా నాలుగు పట్టణాల ఖర్చుకు నేరుగా సగటు కడితే 9.05 రూపాయలు వస్తుంది. ఎన్‌ఏసీలో కొందరు సభ్యులు అక్కడితో ఆగి, ఆ ధరే ఖాయం చేయమన్నారు. అదే పద్ధతిని కొండ పట్టణానికి వర్తింపజేస్తే ఏమవుతుందో వారికి చూపించాను. దాని ఖర్చు 12.40, మిగతా నాలుగింటి సగటు 8.90. ఆ ఆపరేటర్‌కు ప్రతి కిలోలీటరుకూ మూడున్నర రూపాయల నష్టం వస్తుంది, ఏడాది తిరగకముందే పని వదిలేసి వెళ్లిపోతాడు. కానీ నీటిని 120 మీటర్ల ఎత్తుకు ఎక్కించడం అతను కోరి తెచ్చుకున్న ఖర్చు కాదు.

కాబట్టి ఖర్చును రెండు ముక్కలుగా విడదీశాం. విద్యుత్తును ఎక్కాల్సిన ఎత్తుతో భాగించాం. సిబ్బంది, మరమ్మతులు, రసాయనాలను కలిపి పైపు పొడవుతో భాగించాం. ఎత్తు, పైపు పొడవు రెండూ ఆపరేటర్ రాకముందే నిర్ణయమైపోయినవి, అతను మార్చలేనివి. ఇలాంటి అంశాలతోనే సర్దుబాటు చేయాలి. సిబ్బంది సంఖ్యనో మోటార్ల సంఖ్యనో సర్దుబాటుకు వాడితే, ఎక్కువ మందిని పెట్టుకున్న ఆపరేటర్‌కే ఎక్కువ ధర ఇచ్చినట్టవుతుంది.

విద్యుత్తు లెక్క ఇలా తేలింది. ఒక కిలోలీటరు నీటిని ఒక మీటరు ఎత్తడానికి భౌతికశాస్త్రం ప్రకారం కావాల్సింది సుమారు 0.0027 యూనిట్లు. పంపు, మోటారు కలిసి సగం సామర్థ్యంతో పనిచేస్తే అది దాదాపు 0.0055 అవుతుంది. నది ఒడ్డు, కొండ పట్టణాలు సరిగ్గా అక్కడే ఉన్నాయి, మైదానం 0.0056 దగ్గర, జంక్షన్ 0.0060 దగ్గర ఉన్నాయి. మన పట్టణం మాత్రం 0.0086. రెండో ముక్కలో పైపు మీటరుకు లెక్కిస్తే మిగతా నాలుగూ 45 నుంచి 49 పైసల మధ్య ఉండగా, మన పట్టణం 56 పైసలు తాకింది.

ఈ రెండు నిష్పత్తులకూ మిగతా నాలుగు పట్టణాల సగటు కట్టి, మన ఎత్తుకూ మన పైపు పొడవుకూ వర్తింపజేస్తే విద్యుత్తుకు 2.57, మిగతా ఖర్చుకు 6.64, మొత్తం 9.21 రూపాయలు వచ్చింది. సర్దుబాటు లేని 9.05కు ఇది దగ్గరగా ఉండటం కేవలం యాదృచ్ఛికం. కొండ పట్టణానికి ఇదే సూత్రం వర్తింపజేసినప్పుడు కొలబద్ద ధర 8.90 నుంచి 14.06కు మారింది. అన్నింటికన్నా ఖరీదైనదిగా కనిపించిన ఆ పట్టణం, ఎత్తును, పైపు పొడవును లెక్కలోకి తీసుకున్నాక, ఐదింటిలో పొదుపైన వాటిలో ఒకటిగా తేలింది.

ఆ 14.06లో ఒక లోపం కూడా ఉంది. దాన్ని అంత పైకి నెట్టింది మన పట్టణపు దుబారాయే. ఒక ఆపరేటర్ బాధ్యత లేకుండా ఖర్చు చేస్తే, సగటు పెరిగి మిగతా నలుగురికీ అప్పనంగా లాభం వస్తుంది. కొద్ది పట్టణాలే ఉన్నప్పుడు ఈ ప్రభావం చాలా ఎక్కువ. అందుకే సగటు బదులు మధ్యస్థ విలువ, అంటే అంకెలను క్రమంలో పేర్చితే నడిమధ్యన వచ్చే విలువ, తీసుకోవాలని సిఫారసు చేశాను. దానితో కొండ పట్టణం ధర 13.26కు దిగింది. అది ఇప్పటికీ ఆ ఆపరేటర్ ఖర్చుకన్నా ఎక్కువే, కాబట్టి అతని పొదుపుకు ప్రతిఫలం మిగిలింది. మన పట్టణానికి 9.22 వచ్చింది, అంటే దాదాపు మార్పు లేదు. నాలుగు ఊళ్ల సమాచారంతో గణాంక సమీకరణాలు కట్టాలని ఒక సలహా వచ్చింది గానీ, నాలుగు బిందువుల గుండా ఏ గీతనైనా గీయవచ్చు, దాని మీద కాంట్రాక్టు ధర నిలబడదు. నిష్పత్తుల పద్ధతి మోటుగా ఉన్నా, వార్డు సభ్యుడు కాగితం మీద సొంతంగా సరిచూసుకోగలడు.

తేడా ఎక్కడ నుంచి వచ్చింది

కొలబద్ద తేడాను చూపిస్తుందే తప్ప కారణం చెప్పదు. సిద్ధాంతం ప్రకారం నియంత్రకుడు కారణం వెతకాల్సిన అవసరం లేదు, ధర ప్రకటించి ఊరుకుంటే చాలు. ఆచరణలో ఆపరేటర్ వచ్చి తన పట్టణం వేరని చెబుతాడు, ఆ మాటలో నిజమెంతో తేల్చకుండా ధర అమలు చేయలేం. ఇక్కడ ఆపరేటర్ పంపుల గురించి చెప్పాడు. పంపులు ఎన్‌ఏసీవి, అతను కొన్నవి కావు. పాత పంపులు ఎక్కువ కరెంటు తాగితే తన తప్పేమిటని అడిగాడు. అభ్యంతరం న్యాయమైనదే కాబట్టి పంపుహౌసుకు వెళ్లి చూశాం.

డెలివరీ వాల్వు సగానికి పైగా మూసి ఉంది. ఎందుకని అడిగితే, అక్కడ చాలాకాలంగా పనిచేస్తున్న పంపు డ్రైవరు, "మొత్తం తిప్పితే మోటారు వేడెక్కిపోతాది బాబూ, ట్రిప్పయిపోతాది" అన్నాడు. అతను చెప్పింది అక్షరాలా నిజం. ఆ పంపును 110 మీటర్ల ఎత్తుకని ఎంచుకున్నారు, కానీ అక్కడ అవసరం 70 మీటర్లే. అవసరానికి మించిన పంపును పూర్తిగా తెరిచి నడిపితే అది ఎక్కువ నీటిని తోసేసి మోటారు మీద అధిక భారం వేస్తుంది. అందుకే వాల్వు బిగించి, మిగిలిన 40 మీటర్ల ఒత్తిడిని ఆ వాల్వు దగ్గరే కరిగించేస్తున్నారు. 0.0055 యూనిట్ల చొప్పున 110 మీటర్లకు లెక్క వేస్తే దాదాపు 0.60 యూనిట్లు వస్తుంది, సరిగ్గా బిల్లులో ఉన్నది అదే. కాబట్టి పంపు సామర్థ్యంలో లోపం లేదు. దొంగ బిల్లూ లేదు. ప్రతి కిలోలీటరునూ అక్కర్లేని 40 మీటర్లు ఎక్కించి దించుతున్నారు, అంతే.

దీన్ని సరిచేయడానికి పంపు మార్చనక్కర్లేదు. లోపల తిరిగే ఇంపెల్లర్‌ను లేతు మీద కొంత కోసి వ్యాసం తగ్గిస్తే ఒత్తిడి తగ్గుతుంది. ఎంత కోయవచ్చో దానికి హద్దుంది, ఎక్కువ కోస్తే సామర్థ్యం పడిపోతుంది. ఇక్కడ కొంత కోసి, మిగతా తేడాను చిన్న ఇంపెల్లర్ తెప్పించి సర్దవచ్చు. పంపు ఖరీదుతో పోలిస్తే ఇది చిన్న ఖర్చు. వాల్వు బిగించి నడుపుతున్న సంగతి ఆపరేటర్ మనుషులకు తెలుసు, అయినా బిల్లు మొత్తం తిరిగి వస్తున్నందువల్ల దాని గురించి ఆలోచించాల్సిన పని వారికి పడలేదు. అందుకే పంపు ఎన్‌ఏసీదన్న కారణంతో ధరలో మినహాయింపు ఇవ్వవద్దని నేను గట్టిగా వాదించాను. దానికి బదులు, ఎన్‌ఏసీ ఆస్తి అయిన పంపులో ఈ మార్పు చేసుకునేందుకు ఆపరేటర్‌కు లిఖితపూర్వక అనుమతి ఇచ్చి, దానివల్ల వచ్చే ఆదాను కాంట్రాక్టు ముగిసేదాకా అతనికే వదిలేయాలని రాశాను. పంపు నిజంగా అరిగిపోయి ఉంటే నా సిఫారసు వేరేగా ఉండేది, ఆ నష్టం ఎన్‌ఏసీయే భరించాలి.

ధరను అమల్లోకి తేవడం

11.80 నుంచి ఒక్కసారిగా 9.22కు దించితే ఆపరేటర్ తట్టుకోలేడు. నార్వేలో విద్యుత్తు పంపిణీ సంస్థలకు ఒక దశలో ఆదాయ పరిమితిలో 40 శాతం సొంత ఖర్చు, 60 శాతం పోలిక ద్వారా తేలిన ఖర్చు చొప్పున కలిపి నిర్ణయించారు. మేమూ మిశ్రమమే తీసుకున్నాం. మొదటి ఏడాది కొలబద్దకు 40 శాతం బరువిస్తే ధర 10.77, రెండో ఏడాది 60 శాతం ఇస్తే 10.25. అక్కడితో ఆపమన్నాను, ఎందుకంటే నాలుగు పట్టణాల పోలికను నూటికి నూరుపాళ్లూ నమ్మడం సాహసం. సొంత ఖర్చు భాగంలో ఆధార సంవత్సరపు 11.80నే స్థిరంగా ఉంచాం. ఆపరేటర్ ఖర్చు తగ్గించినప్పుడల్లా ఆ భాగాన్ని కూడా తగ్గించుకుంటూ పోతే, వచ్చే ఏడాది ధర పోతుందని భయపడి ఈ ఏడాది పొదుపు చేయడం మానేస్తాడు.

ధర ఖాయమయ్యాక, ఖర్చు తగ్గించే తేలిక దారి నాణ్యత తగ్గించడమే. దీనికి కాపలా పెట్టకుండా కొలబద్ద పోటీని ప్రవేశపెట్టడం ప్రమాదకరమని నా అభిప్రాయం. తాగునీటికి భారత ప్రమాణం ప్రకారం కుళాయి దగ్గర మిగిలిన క్లోరిన్ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. పైపు చివరి వీధుల్లో ముందుగా చెప్పకుండా పరీక్ష చేసి, అది తగ్గిన రోజున ఆ సరఫరా జోనుకు వదిలిన నీటికి డబ్బు ఇవ్వకూడదని షరతు పెట్టాం. నీళ్లు వదిలే గంటలకూ అలాంటిదే మరో షరతు.

ఇంకో చిక్కు కిలోలీటరును ఎక్కడ కొలవాలన్నది. పంపుహౌసు మీటరు దగ్గర కొలిస్తే పైపులో కారిపోయే నీటికి కూడా డబ్బు వస్తుంది, అంటే లీకేజీ ఆపరేటర్‌కు ఆదాయమవుతుంది. పైగా లీకేజీ ఎక్కువున్న పట్టణం కిలోలీటరు ఖర్చు తక్కువగా కనిపించి, పోలికలో గెలుస్తుంది కూడా. రాత్రిపూట కనిష్ఠ ప్రవాహం చూసి లీకేజీ పట్టే పద్ధతి ఇరవైనాలుగు గంటలూ నీరుండే ఊళ్లకు పనికొస్తుంది. రోజుకు రెండు మూడు గంటలు మాత్రమే నీళ్లు వదిలే ఈ పట్టణాల్లో పైపు రాత్రంతా ఖాళీగానే ఉంటుంది. అందువల్ల ప్రతి సరఫరా జోనులో కొన్ని ఇళ్లకు మీటర్లు పెట్టి, కుళాయిలకు అందిన నీటిని ట్యాంకు నుంచి వదిలిన నీటితో పోల్చి, ఆ నిష్పత్తిని ఐదు పట్టణాలకూ ఒకే విధంగా లెక్కించాలని రాసుకున్నాం. మొత్తం ఏర్పాటులో నాకు అన్నింటికన్నా తక్కువ నమ్మకమున్న భాగం ఇదే. ఏ ఇళ్లకు మీటర్లు పెట్టాలో ఆపరేటర్ మనుషులే ఎంచితే అది చెడిపోతుంది కనుక, ఇంటి నంబర్ల నుంచి చీటీ తీసి ఎంచే పనిని వార్డు కమిటీలకు అప్పగించాం.

పోలిక చేయిజారే సందర్భాలు

పోల్చదగిన సంస్థలు వేరువేరు చేతుల్లో ఉన్నంతవరకే ఈ పద్ధతి పనిచేస్తుంది. మా నివేదిక ముగింపు దశలో ఉండగా మన పట్టణపు ఆపరేటరే మైదాన పట్టణం పనికి కూడా టెండరు వేశాడు. అది అతనికి దక్కితే, అక్కడ ఖర్చు కొంచెం పెంచి చూపించి ఇక్కడి ధరను పైకి జరుపుకోవచ్చు. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1989లో పది పెద్ద నీటి సంస్థలను ప్రైవేటీకరించినప్పటి నుంచీ నియంత్రణ ఇలాంటి పోలిక మీదే ఎక్కువగా ఆధారపడింది. అందుకే అక్కడ పెద్ద నీటి సంస్థల విలీనాలను, పోల్చడానికి ఒక సంస్థ తగ్గిపోవడం వల్ల కలిగే నష్టం దృష్టితో ప్రత్యేకంగా పరిశీలించే ఏర్పాటు చట్టంలోనే ఉంది.

ఒడిశాకే ఇది మరోవైపు నుంచి తెలిసిన విషయం. 1999లో విద్యుత్తు పంపిణీని నాలుగు కంపెనీలుగా ప్రైవేటు చేతికిచ్చినప్పుడు, ఒకే రాష్ట్రంలో ఒకే విద్యుత్తు నియంత్రణ కమిషన్ ముందు నాలుగు పోలికలు దొరికే అవకాశం కాగితం మీద ఉంది. కానీ మొదటి నుంచే వాటిలో మూడు ఒకే యజమాని కింద ఉన్నాయి. 2020, 2021 సంవత్సరాల్లో నాలుగూ ఒకే గ్రూపు మెజారిటీ వాటా కిందికి వచ్చాయి. పైగా రాష్ట్రమంతటా వినియోగదారుడికి ఒకే ధర ఉండేలా, కంపెనీలకు అమ్మే టోకు విద్యుత్తు ధరను ఒక్కొక్కరికీ ఒక్కోలా నిర్ణయిస్తారు. పేద జిల్లాలను కాపాడేందుకు అది అవసరమే, నేను దాన్ని తప్పుపట్టను. అయితే ఖర్చులోని తేడాలు ఆ టోకు ధరలో ఇమిడిపోతాయి గనుక, ఎవరు పొదుపరో వినియోగదారుడి బిల్లు చూసి చెప్పలేం. అలాంటి చోట కొలబద్ద కావాలంటే అదే గ్రూపులోని కంపెనీలను ఒకదానితో ఒకటి పోల్చితే చాలదు, సరిహద్దు దాటి వేరే యజమాని అంకెలు తెచ్చుకోవాలి.

మన కాంట్రాక్టులో దీనికి ఒక నిబంధన చేర్చాం. ఆపరేటర్ గానీ అతని అనుబంధ సంస్థ గానీ పోలిక జాబితాలోని ఏ పట్టణం పని తీసుకున్నా, ఆ పట్టణపు అంకె అతని కొలబద్దలోంచి తొలగిపోతుంది. దానికి బదులుగా ఎన్‌ఏసీ వేరే పట్టణాన్ని ఎంచుతుంది, ఎంపికకు ఎత్తు, పైపు పొడవు, సరఫరా గంటలు మాత్రమే ఆధారం. బదులు దొరకకపోతే మిగిలిన మూడింటి మధ్యస్థం తీసుకుని, కొలబద్ద బరువును 60 నుంచి 40 శాతానికి తగ్గించాలి.

ఇక మిగిలిన కష్టం నియంత్రకుడి మాట నిలబెట్టుకోవడం. నష్టపోయే సంస్థను నష్టపోనివ్వడానికి నియంత్రకుడు సిద్ధంగా లేకపోతే ఈ పద్ధతికి బలం ఉండదని ష్లైఫర్ చెప్పాడు. దుకాణం మూతపడితే ఊరు పక్క దుకాణానికి వెళ్తుంది, నీళ్లు ఆగితే ఊరికి వెళ్లే చోటు లేదు. ఆ సంగతి ఆపరేటర్‌కు బాగా తెలుసు, పని మానేస్తానన్న బెదిరింపు ఎప్పుడూ అతని చేతిలో ఉంటుంది. అందుకే ధర కన్నా ముందు పని స్వాధీనం చేసుకునే ఏర్పాటు సిద్ధం చేయమని పట్టుబట్టాను. పంపు డ్రైవర్లు, ఫిట్టర్లతో ఎన్‌ఏసీకి నేరుగా ఒప్పంద హక్కు ఉండాలి, మూడు నెలల విద్యుత్తు, రసాయనాల డబ్బు వేరే ఖాతాలో ఉండాలి, వాల్వుల పటం ఎన్‌ఏసీ దగ్గర ఉండాలి. పటం సంగతి చిన్నదిగా కనిపిస్తుంది కానీ, ఏ వీధికి ఏ వాల్వు తిప్పాలో ఇద్దరు ముగ్గురు ఫిట్టర్లకే తెలిసిన ఊళ్లో అదే అసలు గుత్తాధిపత్యం. ఈ మూడూ పూర్తయ్యాకే 10.77 ధర అమల్లోకి వస్తుందని తీర్మానంలో రాయించాం. ఖాతా, ఒప్పంద హక్కు పూర్తయ్యాయి, వాల్వుల పటాన్ని ఫిట్టర్లు, వార్డు సభ్యులు కలిసి వీధి వీధీ తిరిగి గీస్తున్నారు.